ఒకే బొగ్గు, మూడు లెక్కలు: ఫైనాన్షియల్, కాస్ట్, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్

ఒక సంస్థలో ఖర్చయ్యే రూపాయి ఒక్కటే. దాన్ని ఎవరి కోసం, ఏ ప్రశ్నకు జవాబుగా లెక్క రాస్తున్నారన్న దాన్నిబట్టి అకౌంటింగ్ మూడు శాఖలైంది. సంస్థకు బయట ఉన్నవాళ్లు, అంటే వాటాదారులు, బ్యాంకులు, పన్ను శాఖ, ప్రభుత్వం, ‘ఈ ఏడాది లాభమెంత, ఆస్తులెన్ని, అప్పులెన్ని’ అని అడిగితే చెప్పేది ఫైనాన్షియల్ అకౌంటింగ్. ‘ఒక టన్ను సరుకు తీయడానికి ఎంతైంది, అందులో ఎక్కడ ఎక్కువైంది’ అన్నదానికి జవాబు చెప్పేది కాస్ట్ అకౌంటింగ్. ‘ఇప్పుడు ఏం చేయాలి’ అని యాజమాన్యం తనకు తాను వేసుకునే ప్రశ్నకు లెక్క కట్టేది మేనేజ్‌మెంట్ అకౌంటింగ్.

నిర్వచనాలు కంఠస్థం చేస్తే పరీక్ష గట్టెక్కవచ్చు కానీ, జీవితకాలం ఏ పని చేయాలో తేల్చుకోవడానికి అవి చాలవు. బీకాం చదువుతున్న ఖమ్మం, కొత్తగూడెం విద్యార్థికి ఈ మూడూ ఒకేచోట కనిపించే ఉదాహరణ ఇంటిపక్కనే ఉంది. అది సింగరేణి.

సింగరేణి నేపథ్యం

ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించారు. ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ 1886లో తవ్వకపు హక్కులు పొంది, 1889లో పని మొదలుపెట్టింది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెం. 2016లో ఖమ్మం జిల్లాను విడదీసినప్పుడు కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు గనులు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లాయి. సత్తుపల్లి ఓపెన్‌కాస్టులు ఖమ్మం జిల్లాలోనే మిగిలాయి.

ఇక్కడ బొగ్గు రెండు రకాలుగా తీస్తారు. మొదటిది బావి, అంటే భూగర్భ గని. రెండోది ఓసీ, అంటే ఓపెన్‌కాస్ట్. ఓసీలో బొగ్గు పొర మీదున్న మట్టినీ రాతినీ ముందు పేల్చి, షావెళ్లతో ఎత్తి, డంపర్లలో పక్కకు తరలించాలి. ఆ పై మట్టినే ఓవర్‌బర్డెన్ అంటారు. గని మనుషుల మాటలో ‘ఓబీ’. మణుగూరు దారిలో అడవి మధ్య కొండల్లా కనిపించే గుట్టలు చాలావరకు ఈ మట్టి కుప్పలే. మూడు అకౌంటింగుల తేడా తెలియాలంటే ఈ మట్టి ఖర్చును పట్టుకుని పోతే చాలు. కింద వచ్చే గని అంకెలు లెక్క సులువుగా అర్థం కావడానికి ఊహించినవి. ఏ ఒక్క గనివీ కావు.

ఫైనాన్షియల్ అకౌంటింగ్: మట్టి ఆస్తి అవుతుందా?

ఒక ఓసీ ఏడాదిలో 10 లక్షల టన్నుల బొగ్గు తీసింది అనుకుందాం. గని ఆయుష్షు మొత్తానికి ఇంజినీర్లు వేసిన అంచనా ప్రకారం టన్ను బొగ్గుకు సగటున 6 ఘనపు మీటర్ల మట్టి తీయాలి. దీన్ని స్ట్రిప్పింగ్ రేషియో అంటారు. కానీ ఈ ఏడాది కొత్త బెంచీలు తెరవడం వల్ల టన్నుకు 8 చొప్పున 80 లక్షల ఘనపు మీటర్లు తీయాల్సి వచ్చింది. ఘనపు మీటరుకు రూ.150 చొప్పున మొత్తం రూ.120 కోట్లు అయ్యాయి.

ఈ రూ.120 కోట్లూ ఈ ఏడాది ఖర్చేనా? ఈ ఏడాదే అయిన మాట నిజమే. కానీ అదనంగా తీసిన 20 లక్షల ఘనపు మీటర్ల మట్టి కింద వచ్చే ఏడాది తవ్వబోయే బొగ్గు ఉంది. ఆ మట్టి ఇప్పుడే తీసేశారు కాబట్టి వచ్చే ఏడాది పని తగ్గుతుంది. భారత అకౌంటింగ్ ప్రమాణాల్లో ఇండ్ ఏఎస్ 16కు ఉన్న అనుబంధం బీ ఈ సందర్భం కోసమే రాసింది. భవిష్యత్తులో ప్రయోజనం వచ్చే అవకాశమే ఎక్కువగా ఉండాలి, అది ఏ భాగపు బొగ్గుకు సంబంధించిందో గుర్తించగలగాలి, ఖర్చును నమ్మకంగా కొలవగలగాలి. ఈ మూడు షరతులూ కుదిరితే ఆ రూ.30 కోట్లను ఆస్తిగా చూపించాలి. అప్పుడు ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలోకి వెళ్లే మట్టి ఖర్చు రూ.90 కోట్లే. మరుసటి ఏడాది 40 లక్షల ఘనపు మీటర్లే తీసి రూ.60 కోట్లే అయినా, పాత రూ.30 కోట్లు ఆస్తిలోంచి దిగివచ్చి ఖర్చు మళ్లీ రూ.90 కోట్లవుతుంది. లేకపోతే ఒక ఏడాది అకారణంగా నష్టం, ఇంకో ఏడాది అకారణంగా లాభం కనిపిస్తాయి.

ఇందులో పప్పులో కాలేసే చోటు ఆ ‘6’ దగ్గరే ఉంది. అది అంచనా మాత్రమే. తవ్వేకొద్దీ పొరలో భ్రంశం తగిలి బొగ్గు అనుకున్నంత లేదని తేలితే సగటు 7 అవుతుంది. అయినా 6నే పట్టుకుని కూర్చుంటే ఖర్చు కావాల్సింది ఆస్తి పేరుతో నిలవ ఉండిపోతుంది. బ్యాలెన్స్ షీటులో స్ట్రిప్పింగ్ ఆస్తి ఏటా పెరుగుతూ, బొగ్గు ఉత్పత్తి మాత్రం పెరగకపోతే ఆడిటర్ గని ప్లాను తెప్పించి చూడాల్సిందే. ఈ శాఖలో పని చేసేవాడికి కూడికలూ తీసివేతల కన్నా ఇలాంటి ‘ఇది ఖర్చా, ఆస్తా’ అనే తగవులు తీర్చడమే అసలు పని. అంకెల మీద ప్రేమ ఉన్నా నిబంధన చదివే ఓపిక లేనివాళ్లకు ఇది విసుగు పుట్టిస్తుంది.

ఈ లెక్కలో తేలే లాభానికి గని ప్రాంతంలో ఉన్న విలువ మామూలుది కాదు. సింగరేణి కార్మికులకు ఏటా లాభాల్లో వాటా వస్తుంది. 2023-24 సంవత్సరానికి కంపెనీ నికర లాభం రూ.4,701 కోట్లుగా చెప్పారు. అందులో రూ.2,289 కోట్లు విస్తరణ కోసం పక్కన పెట్టి, మిగిలిన రూ.2,412 కోట్లలో 33 శాతం, అంటే రూ.796 కోట్లు కార్మికులకు ప్రకటించారు. మొత్తం లాభం మీద ఎందుకు లెక్కించలేదని కార్మిక సంఘాలు గట్టిగానే అడిగాయి. లాభమెంత అన్నది ఫైనాన్షియల్ అకౌంటింగ్ తేల్చింది. దానిలో పక్కన పెట్టేదెంత, పంచేదెంత అన్నది అకౌంటింగ్ ప్రమాణాలు తేల్చే సంగతి కాదు. ఆ నిర్ణయం యాజమాన్యానిది, ప్రభుత్వానిది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్లే ఎక్కువ.

ఈ ఖాతాలను ఆడిట్ చేసే అధికారం కంపెనీల చట్టం, 2013 ప్రకారం చార్టర్డ్ అకౌంటెంటుకు మాత్రమే ఉంది. సింగరేణి ప్రభుత్వ కంపెనీ కాబట్టి ఆడిటరును కంపెనీ ఎంచుకోదు, కాగ్ నియమిస్తుంది. ఆ ఆడిట్ మీద కాగ్ మళ్లీ అనుబంధ ఆడిట్ కూడా చేయవచ్చు.

కాస్ట్ అకౌంటింగ్: షావెల్ ఎందుకు ఆగింది?

కంపెనీ మొత్తానికి లాభం వచ్చిందని తెలిసినంత మాత్రాన ఏ గనిలో ఏం జరుగుతోందో తెలియదు. కాస్ట్ అకౌంటెంట్ మన ఓసీ దగ్గరికే వెళ్లి ఆ రూ.150ని విప్పి చూస్తాడు. డీజిల్ ఎంత, పేలుడు పదార్థం ఎంత, డంపర్ తరుగు ఎంత, టైర్లెంత, మస్టర్ మీదున్న వేతనమెంత అని విడదీస్తాడు. ఏడాది మొదట్లో వేసుకున్న ప్రమాణ ఖర్చు ఘనపు మీటరుకు రూ.144 అనుకుందాం. రూ.6 తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. 80 లక్షలతో గుణిస్తే రూ.4 కోట్ల 80 లక్షలు.

ఎందుకైందన్నది ఖాతా పుస్తకంలో దొరకదు. డంపర్ల ట్రిప్పు షీట్లు, డీజిల్ ఇష్యూ రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడాలి. డీజిల్ ధర పెరిగిందా, వాడకం పెరిగిందా అని ముందు వేరు చేయాలి. ధర మారకుండా ట్రిప్పుకు పట్టే లీటర్లు పెరిగితే, ఇంజిన్ పాడైందా, దారి పెరిగిందా అని చూడాలి. అన్ని డంపర్లకూ ఒకేసారి పెరిగితే ఇంజిన్ల తప్పు కాదు. మట్టి పోసే దగ్గరి జాగా నిండిపోయి దూరం వెళ్తున్నారన్నమాట. గనిలో ఈ దూరాన్ని ‘లీడ్’ అంటారు. అడవి భూమికి అనుమతి రావడం ఆలస్యమైతే కొత్త డంప్ జాగా దొరక్క లీడ్ పెరుగుతుంది. ఫైళ్లలో ఆగిన కాగితం డీజిల్ లెక్కలో తేలుతుంది. కాస్ట్ అకౌంటింగులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. అంకె ఎక్కడో మొదలై, ఆఖరికి ఒక దారి దగ్గరో, ఒక యంత్రం దగ్గరో, ఒక నిర్ణయం దగ్గరో ఆగుతుంది.

ఇక వాన సంగతి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఓసీల్లో పని మందగించడం మామూలే, అది ప్రమాణ ఖర్చులో ముందే కలిపి ఉంటుంది. కానీ ఒక ఏడాది ఎన్నడూ లేనంత వరద వచ్చి క్వారీ నిండి, షావెళ్లు రోజుల తరబడి ఆగాయనుకుందాం. ఆ ఆగిన కాలపు వేతనాలు, తరుగు కలిసి రూ.3 కోట్లు. ఇది పైన చెప్పిన రూ.150లో కలవలేదు. ఫైనాన్షియల్ ఖాతాలో ఈ రూ.3 కోట్లు ఆ ఏడాది లాభంలోంచి నేరుగా పోతాయి. కాస్ట్ అకౌంటింగులో మాత్రం అసాధారణ ఖర్చును టన్ను ధరలో కలపకూడదు, విడిగా చూపించాలి. కలిపితే వచ్చే ఏడాది పోల్చుకోవడానికి నమ్మదగిన అంకె మిగలదు. బొగ్గు కొనే విద్యుత్ కేంద్రం మీద వరద ఖర్చు పడుతుంది, ఆపైన అది కరెంటు బిల్లులోకి చేరుతుంది. ఇలా రెండు ఖాతాల్లో లాభం వేరువేరుగా తేలుతుంది. అది తప్పు కాదు. కాస్ట్ ఆడిట్ నివేదికలో ఆ రెండు లాభాలనూ సమన్వయం చేసే పట్టిక తప్పనిసరిగా ఉంటుంది.

కంపెనీల చట్టంలోని 148వ సెక్షన్, 2014లో వచ్చిన కాస్ట్ రికార్డులు, ఆడిట్ నియమాలు ఈ శాఖకు ఆధారం. నియమాల్లో పేర్కొన్న సరుకులు, సేవలు అందించే కంపెనీకి అన్ని వ్యాపారాలూ కలిపి టర్నోవర్ రూ.35 కోట్లు లేదా అంతకు మించి ఉంటే కాస్ట్ రికార్డులు రాయాలి. ఆడిట్ అవసరమయ్యే పరిమితి ఇంకా ఎక్కువ, అది రంగాన్ని బట్టి మారుతుంది. ఆ ఆడిట్ చేయగలిగేది ప్రాక్టీసులో ఉన్న కాస్ట్ అకౌంటెంటే. ఫైనాన్షియల్ ఆడిట్ చేసినవాళ్లకు అదే కంపెనీ కాస్ట్ ఆడిట్ ఇవ్వకూడదు. కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ఓవర్‌బర్డెన్ కోసమే ప్రత్యేకంగా 23వ ప్రమాణాన్ని రూపొందించింది. ఇంకో తేడా, వార్షిక నివేదికను ఎవరైనా చదువుకోవచ్చు. కాస్ట్ ఆడిట్ నివేదిక కంపెనీ బోర్డుకు, అక్కడి నుంచి కేంద్ర ప్రభుత్వానికి వెళ్తుంది. పోటీదారు చేతిలో పడితే నష్టం కాబట్టి అది బజారుకెక్కదు.

మేనేజ్‌మెంట్ అకౌంటింగ్: బావి మూయాలా?

సింగరేణిలో భూగర్భ గనులు నష్టాల్లో నడుస్తాయని, ఓసీల లాభం వాటిని మోస్తోందని ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. అలాంటప్పుడు బావి మూసేస్తే పోదా అన్న ప్రశ్న టీ కొట్టు దగ్గరి నుంచి బోర్డు గది దాకా ఉంటుంది. దీనికి పై రెండు ఖాతాలూ నేరుగా జవాబు చెప్పవు.

మళ్లీ ఊహించిన అంకెలే తీసుకుందాం. ఒక బావి ఏడాదికి లక్ష టన్నులు తీస్తుంది. కాస్ట్ షీటు ప్రకారం టన్నుకు రూ.9,000, అంటే మొత్తం రూ.90 కోట్లు. అమ్మకం ధర టన్నుకు రూ.4,000, మొత్తం రూ.40 కోట్లు. రూ.50 కోట్ల నష్టం కళ్లెదుటే ఉంది. మూసేస్తే రూ.50 కోట్లు మిగులుతాయా?

రూ.90 కోట్లలో వేతనాలు రూ.60 కోట్లు. కరెంటు, రూఫ్ బోల్టులు, పేలుడు పదార్థాలు, రాయల్టీ కలిపి రూ.20 కోట్లు. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం కాబట్టి, అది ఒక్కటే రూ.5 కోట్ల 60 లక్షలు. మిగతా రూ.10 కోట్లు కొత్తగూడెం కార్యాలయం, ఆసుపత్రి, కాలనీల ఉమ్మడి ఖర్చులోంచి ఈ బావి నెత్తిన వేసిన వాటా. మనుషుల సంఖ్యను బట్టి పంచితే బావుల మీద ఎక్కువ పడుతుంది, టన్నులను బట్టి పంచితే ఓసీల మీద ఎక్కువ పడుతుంది. ఏ పద్ధతైనా ఆసుపత్రి ఖర్చు మాత్రం తగ్గదు.

బావి మూస్తే ఆ రూ.10 కోట్లు ఇంకో గని మీద పడతాయి, అంతే. పర్మినెంట్ కార్మికులను ఇంటికి పంపరు, వేరే గనికి బదిలీ చేస్తారు. అక్కడ వాళ్లకు నిజమైన పని లేకపోతే రూ.60 కోట్లూ నడుస్తూనే ఉంటాయి. అప్పుడు ఆగేది రూ.20 కోట్లు, పోయేది రూ.40 కోట్ల అమ్మకం. మూసినందుకు కంపెనీ ఏడాదికి రూ.20 కోట్లు ఎక్కువ నష్టపోతుంది. అలా కాకుండా, ఓసీల్లో ఖాళీలున్నాయి, బదిలీ అయినవాళ్లలో రూ.35 కోట్ల వేతనానికి సరిపడే మంది వాటిలోకి వెళ్లగలరు, లేకపోతే ఆ పనికి కొత్తగా డబ్బు పెట్టాల్సి వచ్చేది అనుకుందాం. అప్పుడు ఆదా రూ.55 కోట్లు, పోయేది రూ.40 కోట్లు. మూయడమే రూ.15 కోట్ల మేలు. అదే బావి, అదే కాస్ట్ షీటు, జవాబు మాత్రం తారుమారైంది.

అక్కడితో తేలిపోదు. ఆ బావిలో పంపులు ఆపితే నీళ్లు పక్క గనిలోకి దిగుతాయా? దిగితే పంపింగ్ ఖర్చు ఆగదు. వచ్చే అయిదేళ్లలో ఎంతమంది రిటైరవుతారు? రిటైర్మెంట్లు ఎక్కువుంటే ఇవాళ మూయడం కన్నా నాలుగేళ్లకు మూయడం లాభం కావచ్చు. ఈ రంగంలో అందరూ చేసే పొరపాటు ఒకటే. పంచిపెట్టిన ఖర్చును ఆగిపోయే ఖర్చుగా అనుకోవడం. ఎవరైనా నివేదిక తెచ్చినప్పుడు ప్రతి వరుస దగ్గరా ‘ఇది ఎల్లుండి నిజంగా ఆగుతుందా, ఏ ఓచరు ఆగుతుంది’ అని అడిగితే దొరికిపోతుంది.

భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి సత్తుపల్లికి వేసిన 54 కిలోమీటర్ల బొగ్గు రైలు మార్గం కూడా ఈ తరహా లెక్కే. లారీల మీద ఏటా పోయే కిరాయిని, లైను మీద పెట్టే పెట్టుబడిని పక్కపక్కన పెట్టి, గనుల్లో ఇంకెన్నేళ్ల బొగ్గు ఉందో చూసుకుని తేల్చాల్సిన విషయం. ఇలాంటి లెక్కకు చట్టం ఏ నమూనా ఫారమూ ఇవ్వలేదు, ఏ ఆడిటరూ సంతకం పెట్టనక్కరలేదు. సుమారుగా సరైన అంకె సమయానికి అందితే చాలు. పైసల దాకా సరైన అంకె నిర్ణయం అయిపోయాక వస్తే దండగ.

విద్యార్థి ఏ దారి పట్టాలి?

సంతకం ఎవరిదన్నదే మొదటి తేడా. ఫైనాన్షియల్ ఆడిట్ మీద సీఏ సంతకం, కాస్ట్ ఆడిట్ మీద కాస్ట్ అకౌంటెంట్ సంతకం చట్టం ఇచ్చిన హక్కులు. మేనేజ్‌మెంట్ అకౌంటింగుకు అలాంటి రక్షణ లేదు. సీఏ, కాస్ట్ అకౌంటెంట్, ఎంబీఏ, ఒక్కోసారి గని ఇంజినీరు కూడా ఆ కుర్చీలో కూర్చుంటారు. అందుకే డిగ్రీ అవ్వగానే నేరుగా ‘మేనేజ్‌మెంట్ అకౌంటెంట్’ అవుదామనుకోవడం నా దృష్టిలో తొందరపాటు. ముందు మొదటి రెండింటిలో ఒకదానిలో చేయి తిరగాలి.

సీఏ కోర్సును 1949 చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ దశలు. 2023లో వచ్చిన కొత్త పథకంలో ఆర్టికల్‌షిప్ రెండేళ్లు. కామర్స్ డిగ్రీలో 55 శాతం వస్తే ఫౌండేషన్ రాయకుండా ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. కాస్ట్ అకౌంటెన్సీని 1959 చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. అక్కడా అవే మూడు దశలు, డిగ్రీ ఉంటే ఇంటర్మీడియట్‌లో నేరుగా ప్రవేశం.

సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టుకోవాలంటే సీఏకే బలం ఎక్కువ. ఖమ్మం మిర్చి వ్యాపారికీ, కోల్డ్ స్టోరేజీకీ, గ్రానైట్ యూనిట్‌కూ పన్ను లెక్కలు, ఆడిట్ కావాలి. వాటిలో చాలా వాటికి కాస్ట్ రికార్డుల నియమం వర్తించదు. కాస్ట్ అకౌంటెంటుకు పెద్ద పరిశ్రమే ఇల్లు. కొత్తగూడెం చుట్టూ అవి తక్కువేమీ లేవు. పాల్వంచ థర్మల్ కేంద్రం, సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు, మణుగూరులో భారజల కర్మాగారం అన్నీ గంట, గంటన్నర దూరంలోనే. బూట్లకు బురద అంటినా ఫరవాలేదు, యంత్రం ఎందుకు ఆగిందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే కాస్ట్ దారి మంచిది. వాక్యంలో ఒక్క పదం మారితే అర్థం ఎలా మారుతుందో పట్టుకునే అలవాటుంటే ఫైనాన్షియల్ దారి.

చివరగా ఒక హెచ్చరిక. హైదరాబాద్, విజయవాడ కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లో ‘సీఎంఏ’ అన్న మూడు అక్షరాలు రెండు వేరువేరు కోర్సులకు వాడుతున్నారు. ఒకటి మన దేశపు కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్‌ది, రెండోది అమెరికా సంస్థది. రెండోది బహుళజాతి కంపెనీల ఉద్యోగాలకు పనికి రావచ్చు కానీ, దానితో భారతదేశంలో కాస్ట్ ఆడిట్ మీద సంతకం పెట్టలేరు. ఫీజు కట్టే ముందు ఏ సంస్థ సీఎంఏ చెబుతున్నారో అడిగి, రసీదు మీద రాయించుకోండి.